2020 మార్చి: ఒక ఫండ్ మేనేజర్ ఉత్తరం



మ్యూచువల్ ఫండ్‌లో నెలకు వెయ్యో రెండు వేలో వేసుకునే వాళ్లు ఈ కార్యక్రమం వినే వారిలో చాలామందే ఉంటారు. మార్కెట్ బాగున్నంత కాలం ఫండ్ వాళ్లు పంపే కాగితాలు మనం చదవం. పొట్లం కట్టుకోవడానికి కూడా పనికిరావు, ఇప్పుడు అవన్నీ ఈమెయిల్‌లోనే కదా. మార్కెట్ ఒక్కసారిగా పడినప్పుడు మాత్రం ఫండ్ మేనేజర్ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. అప్పుడు భయంతో చదువుతాం. భయంతో చదివితే ఏమీ బుర్రకెక్కదు.

అందుకని ఈ రోజు అలాంటి ఉత్తరం ఒకటి నిదానంగా చదువుకుందాం. ఉత్తరం నేను ఊహించి రాసిందే. ఏ సంస్థదీ కాదు. కానీ అందులోని మార్కెట్ అంకెలు నిజమైనవి. 2020 మార్చిలో, కరోనా వచ్చిన ఆ నెలలో, మన షేర్ మార్కెట్‌లో జరిగినవే. కొంచెం చదువుతాను, ఆగుతాను, అందులో ఏముందో చెబుతాను. మళ్లీ చదువుతాను.

ముందు ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. సాయంత్రం అందరం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్లాలు మోగించాం. మర్నాడు సోమవారం, 23వ తేదీ. మార్కెట్ తెరిచిన కాసేపటికే సూచీలు 10 శాతం పడ్డాయి. పది శాతం పడితే మన దేశంలో వ్యాపారం దానంతటదే ఆగిపోతుంది. దాన్ని సర్క్యూట్ బ్రేకర్ అంటారు. ఉదయం పూట అయితే 45 నిమిషాలు ఆపుతారు. ఆ రోజూ ఆపారు. మళ్లీ తెరిచారు. మళ్లీ పడింది. సాయంత్రానికి నిఫ్టీ దాదాపు 13 శాతం కోల్పోయింది, ఒక్క రోజులో. మర్నాడు రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు.

నిఫ్టీ అంటే మీకు తెలిసే ఉంటుంది, 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. జనవరి 14న అది 12,362 దగ్గర ముగిసింది. అప్పటికి అదే రికార్డు. మార్చి 23న ముగిసింది 7,610 దగ్గర. రెండు నెలల పైచిలుకులో వందకు 38 పోయాయి. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. పైన 12,362. కింద 7,610.

ఇక ఉత్తరం. తేదీ ఏప్రిల్ 1.

"మదుపరులకు నమస్కారం. మీ డబ్బు తగ్గింది. జనవరి 14న మా ఫండ్‌లో లక్ష రూపాయలు పెట్టినవారికి మార్చి 23 సాయంత్రం మిగిలింది సుమారు 77 వేలు. అంటే శిఖరం నుంచి 23 శాతం తగ్గుదల. మార్చి 31 నాటికి అది సుమారు 81,700 అయింది. ఈ ఉత్తరంలో మూడు సంగతులు చెబుతాను. ఎందుకు ఇంత తగ్గింది, మేం ఏం చేశాం, మాకు ఏం తెలియదు."

ఇక్కడ ఆగుదాం. ఈ ఉత్తరంలో నాకు నచ్చింది మొదటి వాక్యమే. "మీ డబ్బు తగ్గింది." చాలా ఉత్తరాలు ఇలా మొదలు కావు. ప్రపంచ ఆర్థిక పరిస్థితి, అమెరికా వడ్డీ రేట్లు, చమురు ధరలు, ఇలా రెండు పేజీలు తిప్పి, మూడో పేజీలో ఒక మూలన మన నష్టం చెబుతాయి. మనం మొదట వెతకాల్సింది ఒక్కటే. శిఖరం నుంచి ఎంత పడింది? గత ఏడాదితో పోలిస్తే ఎంత, మూడేళ్ల సగటు ఎంత అనేవి తర్వాత. అన్నిటికంటే ఎక్కువ విలువ ఉన్న రోజు నుంచి, అన్నిటికంటే తక్కువ విలువ ఉన్న రోజు దాకా ఎంత పోయింది? దీన్నే ఆ రంగంలో డ్రాడౌన్ అంటారు.

ఈ డ్రాడౌన్‌కు ఒక చేదు లెక్క ఉంది. వంద రూపాయల్లో 38 పోతే మిగిలేది 62. ఆ 62 మళ్లీ వంద కావాలంటే 38 శాతం పెరిగితే చాలదు. 61 శాతం పెరగాలి. అదే వందలో 23 మాత్రమే పోయాయనుకోండి. మిగిలింది 77. అది వంద కావడానికి 30 శాతం పెరిగితే చాలు. అంటే పడడం కాస్త తగ్గితే, లేవడం చాలా సులువవుతుంది. మరి నిఫ్టీ 38 శాతం పడితే ఈ ఫండ్ 23 శాతమే ఎందుకు పడింది? మేనేజర్ తెలివితేటలా? కాదు. ఉత్తరం ఆ మాటే చెబుతుంది, వినండి.

"మా ఫండ్‌లో వందకు 60 రూపాయలు నిఫ్టీ షేర్లలో ఉంటాయి. 40 రూపాయలు ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో, తక్కువ కాలపు ప్రభుత్వ బాండ్లలో ఉంటాయి. మార్చిలో షేర్ల 60 రూపాయలు 37 అయ్యాయి. బాండ్ల 40 అలాగే 40 ఉన్నాయి. రెండూ కలిపితే 77. మేం ముందుగా ఏదీ పసిగట్టలేదు. షేర్లు తక్కువ పెట్టుకున్నాం కనుక తక్కువ పోగొట్టుకున్నాం. మార్కెట్ పెరిగినప్పుడు మాకు తక్కువ రావడానికీ కారణం ఇదే."

బాండ్ల వడ్డీని, షేర్ల డివిడెండ్లను, ఫండ్ ఖర్చులను ఈ లెక్కలో కలపలేదు. నోటితో చెప్పే లెక్క కాబట్టి నేనే వదిలేశాను. కలిపితే అంకెలు కొంచెం మారతాయి, కథ మారదు.

ఆ 40 రూపాయల గురించి ఒక మాట. అవి "అలాగే ఉన్నాయి" అంటే ఎందుకు ఉన్నాయి? ట్రెజరీ బిల్లులు, తక్కువ కాలపు ప్రభుత్వ బాండ్లు కనుక. డెట్ అనే పేరున్న ప్రతిదీ అలా ఉండదు. అదే 2020లో, ఏప్రిల్ 23న, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన ఆరు డెట్ ఫండ్లను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎక్కువ వడ్డీ కోసం తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లు వాటిలో చాలా ఉన్నాయి. మదుపరులు డబ్బు వెనక్కి అడుగుతుంటే ఆ బాండ్లు కొనేవాడు దొరకలేదు. డబ్బు తర్వాత విడతల వారీగా తిరిగొచ్చింది. కానీ అది అవసరమైంది ఆ రోజున. కాబట్టి ఉత్తరంలో "సురక్షితమైన భాగం" అని కనిపిస్తే, అందులో ఏముందో చూడండి. ప్రభుత్వ కాగితమా, కంపెనీ కాగితమా అని.

ఇప్పుడు అసలు సంగతి. "మేం ఏం చేశాం" అన్న భాగం.

"మా రూలు ఇది. ప్రతి నెల చివరి పని రోజున షేర్ల వాటా ఎంత ఉందో చూస్తాం. అది 55కీ 65కీ మధ్య ఉంటే ఏమీ చెయ్యం. ఆ గీత దాటితే తిరిగి 60కి తెస్తాం. తగ్గితే బాండ్లు అమ్మి షేర్లు కొంటాం. పెరిగితే షేర్లు అమ్మి బాండ్లు కొంటాం. అంతే. జనవరి ఆఖరున వాటా 59. ఏమీ చెయ్యలేదు. ఫిబ్రవరి ఆఖరున 57 దాటి ఉంది. ఏమీ చెయ్యలేదు. మార్చి 31న 51. గీత దాటింది. లక్ష రూపాయలు పెట్టినవారి లెక్కన చెప్పాలంటే, బాండ్లు 7,300 రూపాయలవి అమ్మి, ఆ డబ్బుతో షేర్లు కొన్నాం. ఇప్పుడు వాటా మళ్లీ 60."

విన్నారు కదా. మార్కెట్ కుప్పకూలిన నెలలో ఆ మేనేజర్ షేర్లు కొన్నాడు. ధైర్యం చేసి కొన్నాడని అనుకోకండి. ధైర్యంతో దానికి పని లేదు.

వర్షాకాలంలో శ్రీశైలం గేట్ల గురించి మనం రేడియోలో వింటూనే ఉంటాం. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు ఎంత వస్తే, మట్టం ఎక్కడుంటే, ఎన్ని గేట్లు ఎంత ఎత్తాలో ఇంజినీర్ల దగ్గర ముందే రాసి ఉంటుంది. వరద వచ్చిన రాత్రి కూర్చుని ఆలోచించరు. ఆ రాత్రి ఎవరి బుర్రా సరిగా పనిచెయ్యదని తెలుసు కనుకే ఎండాకాలంలో రాసి పెట్టుకుంటారు. ఫండ్ రూలూ అంతే. మార్చి 23న ఎవరూ సరిగా ఆలోచించలేరు. మేనేజరూ మనిషే. అతని ఇంట్లోనూ టీవీలో అవే వార్తలు.

అందుకే రూలు ఎప్పుడు రాశారన్నది చాలా ముఖ్యం. మళ్లీ చెబుతున్నాను, రూలు ఏమిటన్నదెంత ముఖ్యమో, ఎప్పుడు రాశారన్నదీ అంత ముఖ్యం. పతనానికి ముందు రాసి ఉంటే అది రూలు. పతనం అయ్యాక రాస్తే అది సంజాయిషీ. రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుంది? అది చివర్లో చెబుతాను.

ఇప్పుడు మీలో చురుకైనవారికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. "మార్చి 23న నిఫ్టీ 7,610. ఈయన కొన్నది మార్చి 31న, అప్పటికి నిఫ్టీ దాదాపు 8,600కి లేచింది. 23నే కొని ఉంటే ఇంకా చౌకగా వచ్చేది కదా? నెలాఖరు దాకా కళ్లు మూసుకుని కూర్చోవడం ఏమిటి?"

మంచి ప్రశ్న. ఉత్తరం దీనికి జవాబు చెబుతుంది.

"23నే కొని ఉంటే బాగుండేదని చాలామంది అడుగుతున్నారు. నిజమే, ఈ రోజు చూస్తే అలాగే ఉంది. కానీ రోజూ చూసే రూలు మాకు ఉండి ఉంటే, మొదట గీత దాటింది 23న కాదు, 12న. ఆ రోజు నిఫ్టీ 9,590. మేం అక్కడే కొనేవాళ్లం. తర్వాతి ఏడు ట్రేడింగ్ రోజుల్లో అది మరో 20 శాతం పడేది. 23న మళ్లీ గీత దాటేది, మళ్లీ కొనేవాళ్లం. రోజూ చూసే రూలు కూడా రూలే, తప్పేమీ లేదు. మాది నెలకోసారి చూసే రూలు. నెల మధ్యలో దాన్ని మార్చే హక్కు మాకు లేదు."

ఈ చివరి మాట చూడండి. మార్చి 23న మార్కెట్ అడుగు అదేనని ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. మర్నాడు 9,000 కావచ్చు, 6,000 కావచ్చు. అడుగు ఎక్కడో మనకు తెలిసేది చాలా నెలల తర్వాత. వెనక్కి చూసి "అక్కడ కొనాల్సింది" అనేవాడు, ముందుకు చూసి ఎప్పుడూ ఆ మాట అనలేడు. ఒక రూలు తీరుపై తీర్పు చెప్పాలంటే ఆ రోజున తెలిసిన సంగతులతోనే చెప్పాలి. తర్వాత తెలిసినవాటితో చెబితే ప్రతి రూలూ తెలివితక్కువగానే కనిపిస్తుంది.

సరే, ఆ తర్వాత ఏమైంది? ఇది ఉత్తరంలో లేదు, ఉండే వీలూ లేదు. కానీ ఇప్పుడు మనకు తెలుసు కనుక లెక్క చూద్దాం. ఏప్రిల్, మే, జూన్ నెలాఖరుల్లో వాటా 63, 64 దగ్గర తిరిగింది. గీత దాటలేదు. ఏమీ చెయ్యలేదు. జులై 31న నిఫ్టీ 11,000 పైన ఉంది, వాటా 66 అయింది. రూలు ఈసారి అమ్మమంది. దాదాపు 5,600 రూపాయల షేర్లు అమ్మి మళ్లీ బాండ్లు కొన్నారు. అందరూ హమ్మయ్య అనుకుంటూ షేర్ల వైపు తిరిగి చూస్తున్న రోజుల్లో అమ్మాల్సి వచ్చింది. నా మటుకు నాకు మార్చిలో కొనడం కంటే జులైలో అమ్మడమే కష్టం అనిపిస్తుంది. అప్పుడు అమ్మితే మదుపరులు ఫోన్లు చేసి మరీ తిడతారు.

నవంబరు 9న నిఫ్టీ జనవరి రికార్డును దాటి 12,461 దగ్గర ముగిసింది. ఆ రోజు ఈ ఫండ్‌లోని లక్ష సుమారు లక్షా మూడు వేలు. అదే రూలు లేకుండా, 60, 40 పెట్టి అలాగే వదిలేసి ఉంటే? సుమారు లక్షా 500. తేడా రెండున్నర వేలు. అంటే ఇంత హంగామాకూ, ఇంత క్రమశిక్షణకూ లాభం నూటికి రెండున్నర రూపాయలు. కొందరు ఇలాంటి రూలును మంత్రదండంలా అమ్ముతారు. అది మంత్రదండం కాదు. ఆ రెండున్నర కూడా మార్కెట్ వేగంగా పడి, వేగంగా లేచింది కనుక వచ్చింది.

లేవకపోతే? ఇది కూడా చెప్పుకోవాలి. 2008కి వెళదాం. ఆ జనవరిలో ఒక రోజు నిఫ్టీ 6,288 దగ్గర ముగిసి, అక్కడి నుంచి పడడం మొదలైంది. ఇదే రూలు మార్చి నెలాఖరున, 4,730 దగ్గర, షేర్లు కొనమనేది. కొన్నారనుకోండి. ఏడు నెలల తర్వాత, అక్టోబరు 27న, నిఫ్టీ 2,524. కొన్న షేర్లలో దాదాపు సగం ఆవిరి. పతనం ఇంకా సాగితే రూలు మళ్లీ కొనమంటుంది, మళ్లీ పడుతుంది. బాండ్ల డబ్బు కొంచెం కొంచెంగా షేర్లలోకి పోయి కరుగుతుంది. నిదానంగా, నెలల తరబడి పడే మార్కెట్‌లో ఈ రూలు నష్టాన్ని పెంచుతుంది. ఇక జపాన్ సంగతి. అక్కడి నిక్కీ సూచీ 1989 డిసెంబరు ఆఖరున చేరిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు. పడినది మళ్లీ లేస్తుందన్న నమ్మకం మీదే ఈ రూలు నడుస్తుంది. అది నమ్మకమే, హామీ కాదు.

మన ఉత్తరం దాన్ని దాచలేదు.

"మాకు తెలియనివి చెబుతాం. మార్కెట్ ఇక్కడి నుంచి పెరుగుతుందో లేదో తెలియదు. కరోనా ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఇది నెలల తరబడి పడుతూ పోతే మా రూలు మీకు ఇంకా నష్టం తెస్తుంది. అయినా ఈ రూలు మార్చం. ఇప్పుడు మారిస్తే, మీరు ఏ రూలు చూసి ఈ ఫండ్‌లో చేరారో ఆ రూలు ఇక లేనట్టే."

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే రూలు అంటే అన్నీ ఒకేలా ఉండవు. సరిగ్గా దీనికి తలకిందులుగా పనిచేసే రూలు ఒకటుంది. ఈ ఫండ్ రూలు పడితే కొంటుంది. ఆ రూలు పడితే అమ్ముతుంది. దాన్ని ట్రెండ్ రూలు అంటారు. పోకడను బట్టి పోయే రూలు. అందులో అందరికీ తెలిసిన రకం ఇలా ఉంటుంది. గత పది నెలల నెలాఖరు ధరల సగటు తీస్తారు. ఈ నెలాఖరు ధర ఆ సగటు కంటే పైన ఉంటే షేర్లలో ఉంటారు. కింద ఉంటే బయటికి వచ్చేస్తారు. అంతే.

2020లో ఆ రూలు ఏం చేసి ఉండేదో చూద్దాం. ఫిబ్రవరి 28న నిఫ్టీ 11,200. పది నెలల సగటు దాదాపు 11,660. ధర సగటు కంటే కింద ఉంది. అమ్మెయ్. బయటికి వచ్చేస్తారు. మార్చి ఘోరమంతా బయటి నుంచే చూస్తారు. మళ్లీ ఎప్పుడు లోపలికి? జులై 31న. ధర 11,070, సగటు దాదాపు 10,870. లోపలికి రా. అంటే 11,200 దగ్గర అమ్మి, 11,070 దగ్గర కొన్నట్టు. మధ్యలో ఉన్న గొయ్యి మొత్తం తప్పించుకున్నట్టు. వినడానికి అద్భుతంగా ఉంది కదా?

కానీ అంతకు ఒక ఏడాది ముందు వెళ్లండి. 2019 జులై ఆఖరున ఇదే రూలు ఇలాగే అమ్మమంది, 11,118 దగ్గర. ఆ తర్వాత ఏ ఘోరమూ జరగలేదు. సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్ను తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఆ ఒక్క రోజే సెన్సెక్స్ 1,900 పాయింట్లు పైగా ఎగిరింది. నెలాఖరున రూలు మళ్లీ లోపలికి రమ్మంది, 11,474 దగ్గర. చౌకగా అమ్మి, ఖరీదుగా కొన్నట్టు. మూడు శాతం చేతి చమురు. ఇలాంటి ఉత్తుత్తి గంటలు ట్రెండ్ రూలులో తరచూ మోగుతుంటాయి. ఇవన్నీ భరించినవాడికే మార్చి 2020 లాంటి రోజున ఆ రూలు పనికొస్తుంది. 2019లో విసిగిపోయి "ఈ రూలు వద్దు" అనుకున్నవాడికి పనికిరాదు.

చూశారా. పడితే కొనే రూలు ఒకటి. పడితే అమ్మే రూలు ఒకటి. రెండింటికీ వాటి వాటి మంచి రోజులు, చెడ్డ రోజులు ఉన్నాయి. అసలు ప్రమాదం ఈ రెండిటి మధ్యా గంతులెయ్యడం. జనవరిలో "మేం పడినప్పుడు కొంటాం" అని చెప్పి, మార్చి 23న భయపడి "మేం నష్టాన్ని అరికట్టాం" అంటూ అమ్మేస్తే, రెండు రూళ్లలోని చెడ్డ సగాలు మాత్రమే మనకు మిగులుతాయి. పడడం పూర్తిగా అనుభవించి, లేవడం పోగొట్టుకుంటాం. ఉత్తరాల్లో ఈ గంతు ఎప్పుడూ గంతులా కనిపించదు. "మారిన పరిస్థితుల దృష్ట్యా", "జాగ్రత్త కోసం తాత్కాలికంగా", "సరైన సమయం చూసి తిరిగి ప్రవేశిస్తాం", ఇలాంటి మాటల్లో కనిపిస్తుంది. ఈ మాటలు కనిపిస్తే పెన్సిలు తీసుకుని వాటి కింద గీత గీయండి.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. రూలు ముందే ఉందా, తర్వాత పుట్టిందా? మీరే ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. రెండు కాగితాలు చాలు.

మొదటిది, ఫండ్ స్కీమ్ సమాచార పత్రం. దాన్ని ఎస్ఐడీ అంటారు. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. చాలా పెద్దది, మొత్తం చదవక్కర్లేదు. అసెట్ అలొకేషన్ అనే పట్టిక ఒక్కటి చూడండి. షేర్లు ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో అక్కడ రాసి ఉంటుంది. మన ఊహా ఫండ్‌లో అయితే 55 నుంచి 65. కానీ బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్లు అని ఒక రకం ఉన్నాయి, మన ఊళ్లలో ఏజెంట్లు చాలా ఇష్టంగా చెబుతారు. సెబీ నిబంధనల ప్రకారం వాటిలో షేర్లు ఇంత ఉండాలన్న కనీస హద్దు లేదు. పత్రంలో హద్దులు అంత విశాలంగా ఉంటే, "మేం మా మోడల్ ప్రకారమే నడిచాం" అన్న మాటను ఆ పత్రంతో సరిచూడలేం. మోడల్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ ఫండ్లు చెడ్డవని నేను అనడం లేదు. సరిచూసుకునే పని కష్టమవుతుంది అంటున్నాను.

అప్పుడు రెండో కాగితం పనికొస్తుంది. ప్రతి ఫండూ నెల ముగిసిన పది రోజుల్లోగా ఏ షేర్లు, ఏ బాండ్లు ఎంత ఉన్నాయో బయట పెట్టాలి. ఫ్యాక్ట్‌షీట్‌లోనూ షేర్ల వాటా ఉంటుంది. పతనానికి ముందు నెల ఒకటి, పతనం నెల ఒకటి, తర్వాత నెల ఒకటి తీయండి. ప్రతి దానిలో షేర్ల శాతం రాసుకోండి. మూడు అంకెలు. ఫండ్ పడినప్పుడు కొంటానని చెప్పి ఉంటే, తర్వాతి నెలలో ఆ శాతం పెరగాలి. ఉత్తరం "కొన్నాం" అంటోంది, అంకె తగ్గుతోంది అనుకోండి. అప్పుడు ఉత్తరాన్ని పక్కన పెట్టి అంకెను నమ్మండి. మరొకటి, ఫండ్‌లో పెద్ద మదుపరులు డబ్బు వెనక్కి తీసుకుంటే మేనేజర్ బాండ్లే ముందు అమ్మాల్సి వస్తుంది. అలాంటప్పుడు కొనకపోయినా షేర్ల శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని ఫండ్ మొత్తం సొమ్ము ఎంతో కూడా పక్కనే రాసుకోండి. ఒక్క నెలలో అది మార్కెట్ కంటే బాగా ఎక్కువగా తగ్గిపోయి ఉంటే, జనం బయటికి పోతున్నారని అర్థం.

పన్ను సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. ఫండ్ లోపల బాండ్లు అమ్మి షేర్లు కొన్నా, షేర్లు అమ్మి బాండ్లు కొన్నా, దాని మీద మీరు పన్ను కట్టనక్కర్లేదు. మీ యూనిట్లు మీరు అమ్మినప్పుడే పన్ను. అదే పని మీరే సొంతంగా షేర్లు కొంటూ అమ్ముతూ చేస్తే ప్రతిసారీ లెక్క తేలాలి.

ఉత్తరంలో ఇంకో పేరా మిగిలింది. అది వినిపించి ముగిస్తాను.

"మీలో కొందరు సిప్ ఆపేయాలా అని అడిగారు. మొత్తం తీసేయాలా అని అడిగారు. మా రూలు ఫండ్ కోసం రాసింది. మీ ఇంటి కోసం రాసింది కాదు. మీ అమ్మాయి కాలేజీ ఫీజు జూన్‌లో కట్టాలని మా రూలుకు తెలియదు. మీ జీతం ఆగిందనీ తెలియదు. ఆ డబ్బు వచ్చే ఏడాదిలోపే కావాలంటే, నష్టం వచ్చినా కావలసినంత మేరకు తీసుకోండి. అది మీకు అవసరం. మిగిలింది ఉంచాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. తర్వాతి లెక్క ఏప్రిల్ 30న చూస్తాం. ఏం చేశామో, ఏమీ చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో, మే మొదటి వారంలో రాస్తాం."

ఒక ఫండ్ మేనేజర్ "తీసుకోండి" అని రాయడం అరుదు. సొమ్ము తగ్గితే అతని సంస్థకు వచ్చే రుసుమూ తగ్గుతుంది కదా. నేనైతే దీనికి ఇంకొకటి కలుపుతాను. రెండు మూడేళ్లలో కావలసిన డబ్బు అసలు ఈ 60 వైపుకే వెళ్లకూడదు. ఫీజు డబ్బు, పెళ్లి డబ్బు, ఇల్లు కట్టుకునే డబ్బు బ్యాంకు డిపాజిట్లోనో పోస్టాఫీసులోనో ఉండాలి. ఈ సర్దుబాటు మార్కెట్ పడినప్పుడు చేస్తే నష్టానికి అమ్ముకోవాలి. మార్కెట్ బాగున్న రోజున, ఎవరికీ ఏ ఉత్తరమూ రాని రోజున చెయ్యాలి. ఈ ఆదివారం పాస్‌బుక్కులు, ఫండ్ స్టేట్‌మెంట్లు ముందేసుకుని, ఏ డబ్బు ఏ ఏడాది కావాలో ఒక్కొక్కదాని పక్కన పెన్నుతో రాయండి. గంట పని.